రిఫండ్ రెండుసార్లు పడకూడదంటే

తుపాను హెచ్చరిక వచ్చి, హైదరాబాద్ నుంచి విశాఖ వైపు వెళ్లాల్సిన రాత్రి బస్సులు వరసగా రద్దయ్యాయనుకుందాం. ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మిన సంస్థ ఆ ఒక్క సాయంత్రమే 6,000 మందికి డబ్బు వెనక్కి పంపాలి. ఒక్కో రిఫండ్‌కు బ్యాంకు 2 సెకన్లు తీసుకున్నా, ఒకదాని తర్వాత ఒకటిగా పంపితే మొత్తం 12,000 సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. బస్సును రద్దు చేసే ఉద్యోగి అంతసేపు తెర ముందు కూర్చోలేడు. అందుకే రద్దు నమోదైన క్షణంలో వెబ్‌సైట్ చేసేది చాలా చిన్న పని: ‘ఈ టికెట్‌కు ఇంత డబ్బు వెనక్కి పంపాలి’ అని ఒక జాబితాలో రాసిపెడుతుంది. ఆ జాబితాను క్యూ అంటారు. తెర వెనక నడుస్తూ, అందులోంచి ఒక్కో పనిని తీసుకుని పూర్తి చేసే ప్రోగ్రామే వర్కర్.

వర్కర్ చేసే పని చెప్పుకోవడానికి మూడు ముక్కలు. పని తీసుకో, చేసి చూడు, ఏమైందో రాయి. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు కూడా పది పదిహేను లైన్లలో దీన్ని రాసేయగలరు, మామూలు రోజుల్లో అది చక్కగా నడుస్తుంది కూడా. చిక్కంతా ఆ లైన్లలో ఏ లైను దగ్గరైనా ప్రోగ్రాం ఆగిపోవచ్చన్న దాంట్లో ఉంది. కొత్త వెర్షన్ పెట్టడానికి ఎవరో సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే ప్రోగ్రాంను చంపేస్తుంది. బ్యాంకుకు వెళ్లిన సందేశం చేరి, దాని జవాబు మాత్రం దారిలో పోతుంది. మంచి వర్కర్‌ను డిజైన్ చేయడమంటే ప్రతి లైను దగ్గరా ఆగి, ‘ఇది ఇక్కడే చచ్చిపోతే పని ఏమవుతుంది?’ అని అడిగి, దానికి ముందే జవాబు సిద్ధం చేసుకోవడం.

ఆ 6,000 పనుల్లో ఒకటి పట్టుకుని వెంట వెళ్దాం. దాని నంబరు 4821, పంపాల్సింది 640 రూపాయలు.

మొదటి ప్రమాదం పని క్యూలోకి చేరకముందే ఉంది. టికెట్ల వివరాలు ఒక డేటాబేస్‌లోనూ, క్యూ వేరే సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటే, టికెట్ రద్దయినట్టు రాసిన తర్వాత, క్యూలో పని వేయకముందు వెబ్‌సైట్ ఆగిపోవచ్చు. అప్పుడు టికెట్ పోయింది, రిఫండ్ అన్న మాటే ఎక్కడా లేదు. ఎర్రర్ కూడా కనిపించదు, ప్రయాణికుడు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. డబ్బుతో ముడిపడిన పనులకు చాలామంది ఇంజనీర్లు క్యూను అదే డేటాబేస్‌లో ఒక టేబుల్‌గా పెట్టుకోవడానికి కారణం ఇదే. టికెట్ రద్దు, రిఫండ్ పని రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాస్తే రెండూ నమోదవుతాయి, లేదా రెండూ కావు. సెకనుకు లక్షల పనులు వచ్చే చోట టేబుల్ చాలదు, ప్రత్యేకమైన క్యూ సాఫ్ట్‌వేర్ కావాలి. కానీ ఒక సాయంత్రం 6,000 పనులంటే పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌కు లెక్కలోకి రాదు.

ఇప్పుడు పని తీసుకోవడం. ఒక్క వర్కర్‌తో మూడు గంటలు పట్టేది కాబట్టి సంస్థ ఇరవై వర్కర్లను నడుపుతోంది. ఇద్దరు ఒకే క్షణంలో జాబితా చూసి, ఇద్దరూ 4821నే ఎత్తుకుంటే ఏం కావాలి? డేటాబేస్‌లో వరుసకు తాళం వేసే సదుపాయం ఎప్పటినుంచో ఉంది. అయితే మామూలు తాళంతో, మొదటి వర్కర్ పట్టుకున్న వరుస దగ్గరే మిగతా పంతొమ్మిది మందీ వేచి నిలబడతారు. ఇరవై మందిని పెట్టినా ఒక్కరు పని చేసినట్టే. 2016 జనవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ దీనికి `SKIP LOCKED` అనే రెండు మాటలు తెచ్చింది. ఇంకొకరు తాళం వేసిన వరుస కనిపిస్తే ఆగకుండా, దాన్ని వదిలి తర్వాతి వరుసకు వెళ్లమని దాని ఆజ్ఞ. పని తీసుకునే ప్రశ్న అంతా కలిపి ఇలా ఉంటుంది:

```sql
UPDATE refund_jobs
SET status = 'running',
    attempts = attempts + 1,
    lease_until = now() + interval '60 seconds'
WHERE id = (
  SELECT id FROM refund_jobs
  WHERE attempts < 12
    AND ((status = 'queued' AND run_at <= now())
      OR (status = 'running' AND lease_until < now()))
  ORDER BY run_at
  LIMIT 1
  FOR UPDATE SKIP LOCKED
)
RETURNING id, amount, request_key, attempts;
```

ఇందులో రెండు విషయాల దగ్గర ఆగాలి. మొదటిది `lease_until`. తాళం వేసి, బ్యాంకు జవాబిచ్చేదాకా తాళం అలాగే పట్టుకుని ఉంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. అలా చేస్తే బ్యాంకు నెమ్మదించిన రాత్రి డేటాబేస్‌లో పదుల కొద్దీ ట్రాన్సాక్షన్లు తెరిచే ఉండిపోతాయి. కనెక్షన్లు అయిపోతాయి, పాత వరుసలను శుభ్రం చేసే పని ఆగుతుంది, చివరికి టికెట్ల వెబ్‌సైటే కుంటుతుంది. అందువల్ల తాళం క్షణకాలమే ఉంటుంది. వర్కర్ తన పేరున 60 సెకన్ల లీజు రాసుకుని వెంటనే తాళం వదిలేస్తుంది. ఆ 60 సెకన్లూ పని దానిది. గడువు దాటినా పూర్తయినట్టు రాయలేదంటే, ఆ వర్కర్ పోయిందనుకుని ఇంకొకరు పనిని తీసుకోవచ్చు. వర్కర్ చనిపోయే ముందు ఎవరికీ చెప్పి పోదు కాబట్టి, గడువు తప్ప దాని చావును పసిగట్టే దారి లేదు. అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్ అనే క్యూ సేవలోనూ ఇదే పద్ధతి. అక్కడ ఎవరూ మార్చకపోతే గడువు 30 సెకన్లు, పెంచుకుంటే 12 గంటల దాకా వెళ్లవచ్చు.

గడువు ఎంత పెట్టాలన్నది ఊహతో తేల్చే సంగతి కాదు. బ్యాంకు జవాబు కోసం వర్కర్ గరిష్ఠంగా ఎంతసేపు ఆగుతుందో ముందు నిర్ణయించాలి. ఇక్కడ అది 20 సెకన్లు. ఆ తర్వాత ఫలితం రాయడానికి, నెట్‌వర్క్ తడబాట్లకు కొంత వ్యవధి కలిపితే 60 సెకన్లు సౌకర్యంగా సరిపోతాయి. ఈ రెండు అంకెలూ తలకిందులైతే పెద్ద ముప్పు. లీజు 30 సెకన్లు పెట్టి, బ్యాంకు జవాబు కోసం 60 సెకన్లు ఆగే వర్కర్లు నిజంగా కనిపిస్తుంటాయి, ఎందుకంటే మొదటి అంకె క్యూ సెట్టింగుల్లో, రెండోది వేరే లైబ్రరీ లోపల ఎక్కడో ఉంటుంది. బ్యాంకు చురుగ్గా ఉన్నన్ని రోజులూ ఆ తప్పు బయటపడదు. నెమ్మదించిన రోజున ప్రతి పనీ ఇద్దరి చేతుల్లో పడుతుంది.

రెండోది `attempts`. ఎన్నో ప్రయత్నమో లెక్కపెట్టే ఈ అంకె పని తీసుకునేటప్పుడే పెరుగుతోంది, విఫలమైన తర్వాత కాదు. కొన్ని పనులు వర్కర్‌ను చంపేసే రకం. ఏదో పాడైన వివరం చదవబోయి మెమరీ అంతా మింగి ప్రోగ్రాం కూలిపోతుంది. విఫలమైన తర్వాతే లెక్క పెంచే పద్ధతి పెట్టుకుంటే, ఆ లెక్క రాయడానికి వర్కర్ బతికి ఉండదు. లీజు ముగుస్తుంది, ఇంకో వర్కర్ ఎత్తుకుంటుంది, అదీ కూలుతుంది, లెక్క మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. ఒకే పని రాత్రంతా వర్కర్లను ఒకదాని తర్వాత ఒకటిగా పడగొడుతూ ఉంటుంది. ముందే పెంచితే పన్నెండోసారికి అది దానంతటదే ఆగుతుంది.

ఇక ఆ రాత్రికి వద్దాం. మొదటి వర్కర్ 4821ని తీసుకుంది, `attempts` ఒకటి అయింది. 640 రూపాయలు పంపమని బ్యాంకుకు అడిగింది. బ్యాంకు పంపేసింది. సరిగ్గా జవాబు వచ్చే వేళకు వర్కర్ ఉన్న సర్వర్ రీస్టార్ట్ అయింది. టేబుల్‌లో ఇంకా `running` అనే ఉంది. నిమిషం గడిచాక రెండో వర్కర్ దాన్ని తీసుకుంది. దానికి తెలిసిందల్లా ‘ఎవరో మొదలుపెట్టారు, ముగించలేదు’ అన్న ఒక్క ముక్క. మళ్లీ పంపితే ప్రయాణికుడి ఖాతాలో 1,280 పడతాయి. మానేస్తే, మొదటి వర్కర్ బ్యాంకును అడగకముందే చచ్చిపోయి ఉంటే, అతనికి అసలు రావు.

క్రమం మార్చి చూస్తే? ముందు ‘పూర్తయింది’ అని రాసి తర్వాత బ్యాంకుకు పంపితే రెండుసార్లు పడే ప్రమాదం పోతుంది. కానీ ఆ రెంటి మధ్య వర్కర్ చచ్చిపోతే డబ్బు వెళ్లలేదు, టేబుల్ మాత్రం వెళ్లిందంటుంది. ఏ క్రమం ఎంచుకున్నా ఒక చీలిక మిగులుతుంది. ఇది ప్రోగ్రామర్ తెలివికి సంబంధించిన లోటు కాదు. సందేశాలు పోయే వీలున్న దారి మీద ఇద్దరు ఒక విషయంపై పూర్తి నమ్మకంతో ఒక్కమాట మీదికి రాలేరని కంప్యూటర్ శాస్త్రంలో రుజువైంది. 1975లో అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ రాసిన పత్రంలో ఈ చిక్కు ప్రస్తావన ఉంది. 1978లో జిమ్ గ్రే దాన్ని ఇద్దరు సేనాపతుల చిక్కుగా వివరించాక ఆ పేరే నిలిచిపోయింది. ‘అచ్చంగా ఒక్కసారే అందిస్తాం’ అని ఏ క్యూ చెప్పినా, ఆ హామీ దాని హద్దుల లోపలే. బయటనున్న బ్యాంకు దాకా అది రాదు.

కాబట్టి వర్కర్ రెండుసార్లు అడుగుతుందని ముందే ఒప్పుకోవాలి. రెండోసారి అడిగినప్పుడు ‘ఇది పాతదే’ అని బ్యాంకు గుర్తుపట్టేలా చేయాలి. పై ప్రశ్నలో `request_key` ఉన్నది అందుకే. ఇది చెక్కు మీది నంబరు లాంటిది. అదే చెక్కును రెండుసార్లు బ్యాంకులో ఇచ్చినా చెల్లింపు ఒక్కసారే. ‘మొదటిది చేరిందో లేదో’ అనుకుని ఇంకో కాగితం మీద ఇంకో చెక్కు రాసిచ్చినప్పుడే రెండు చెల్లింపులు జరుగుతాయి. పేమెంట్ సంస్థలు చాలావరకు ఇలాంటి తాళపు మాటను స్వీకరిస్తాయి. అదే మాటతో రెండో అభ్యర్థన వస్తే, కొత్తగా డబ్బు కదపకుండా మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగి ఇస్తాయి.

ఈ తాళపు మాట ఎక్కడ పుట్టిందన్న దాని మీదే అంతా నిలబడి ఉంది. పని క్యూలో పడినప్పుడే పుట్టి, వరుసతో పాటు ఉండాలి. ఎక్కువగా కనిపించే పొరపాటు ఏమిటంటే, బ్యాంకును పిలిచే ఫంక్షన్ లోపల ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక మాట తయారుచేయడం. కోడ్ చదివినవారికి రక్షణ ఉన్నట్టే కనిపిస్తుంది, పరీక్షల్లోనూ నెగ్గుతుంది. కానీ రెండో వర్కర్ రెండో మాట పంపుతుంది, బ్యాంకుకు అది సరికొత్త రిఫండే.

దీనికి ఇంకో హద్దు ఉంది, అది చాలామంది దృష్టికి రాదు. అవతలివారు ఈ మాటలను ఎల్లకాలం గుర్తుంచుకోరు. స్ట్రైప్ సంస్థ తన మొదటి తరం ఏపీఐ విషయంలో, కనీసం 24 గంటలు నిండిన మాటలను తొలగించవచ్చని చెబుతుంది. మూడు రోజులుగా ఆగిపోయి ఉన్న పనిని సోమవారం ఉదయం ఎవరో చూసి ‘మళ్లీ ప్రయత్నించు’ అని బటన్ నొక్కితే, పాత మాటే వెళ్లినా అవతల అది కొత్తది. అందుచేత తనంతట తాను చేసే ప్రయత్నాలన్నీ ఆ వ్యవధి లోపలే ముగిసేలా చూసుకోవాలి. అది దాటిన పనికి బటన్ నేరుగా పనిచేయకూడదు. ముందు బ్యాంకు దగ్గర ఆ టికెట్ పేరున రిఫండ్ ఉందేమో వెతికి, ఆ తర్వాతే పంపాలి.

బ్యాంకు జవాబులన్నీ ఒక తీరుగా చూడదగ్గవి కావు. ‘ఈ ఖాతా మూసేశారు’ అంటే ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, కనుక మళ్లీ ప్రయత్నించడం వృథా. ‘ఇప్పుడు రద్దీగా ఉంది, తర్వాత రండి’ అంటే డబ్బు కదలలేదని బ్యాంకే చెప్పినట్టు, కాసేపాగి నిశ్చింతగా అడగవచ్చు. మూడోది అసలు జవాబు రాకపోవడం. 20 సెకన్లు గడిచాయి, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. దీన్ని వైఫల్యంగా రాసుకునే వర్కర్లే ఎక్కువ, నష్టమూ అక్కడినుంచే వస్తుంది. జవాబు రాలేదన్నది పని జరగలేదనడానికి రుజువు కాదు. దీన్ని ‘తెలియదు’ అనే వేరే గుంపులో ఉంచి, అదే తాళపు మాటతోనే మళ్లీ అడగాలి. కొత్త మాటతో గానీ, వేరే బ్యాంకు ద్వారా గానీ ఎన్నడూ పంపకూడదు.

మళ్లీ అడగడమంటే ఎప్పుడు? బ్యాంకు పది నిమిషాలు మూతపడిందనుకోండి. పడిపోయిన వెంటనే ప్రతి పనినీ సెకనుకోసారి ప్రయత్నిస్తే, లేవబోతున్న బ్యాంకును ఈ అభ్యర్థనలే మళ్లీ పడగొడతాయి. అందుకే విరామాన్ని ప్రతిసారీ రెట్టింపు చేస్తారు. ఈ ఆలోచన పాతదే. ఒకే తీగ మీద అనేక కంప్యూటర్లు మాట్లాడుకునే ఈథర్‌నెట్ గురించి మెట్‌కాఫ్, బాగ్స్ 1976లో ప్రచురించిన పత్రంలోనే, సందేశాలు ఢీకొన్నప్పుడు యాదృచ్ఛికంగా కాసేపాగి, మళ్లీ ఢీకొంటే ఆ వ్యవధిని పెంచుకుంటూ పోవాలన్న పద్ధతి ఉంది. యాదృచ్ఛికం అన్న భాగాన్నే తర్వాతివారు తరచు వదిలేస్తారు. ఒకేసారి విఫలమైన వెయ్యి పనులు సరిగ్గా 10 సెకన్లు, తర్వాత సరిగ్గా 20 సెకన్లు ఆగితే, వెయ్యీ ప్రతిసారీ ఒకేసారి తలుపు తడతాయి. విరామం పెరిగింది తప్ప గుంపు విడిపోలేదు. 2015లో అమెజాన్ ఇంజనీరు మార్క్ బ్రూకర్ ఈ తేడాను సిమ్యులేషన్లతో చూపించాక, యాదృచ్ఛికత కలపడం మామూలు పద్ధతి అయింది. మన వర్కర్‌లో లెక్క ఇలా ఉంటుంది:

```python
gap = min(3600, 10 * 2 ** (attempts - 1))
delay = gap / 2 + random.uniform(0, gap / 2)
```

మొదటి వైఫల్యం తర్వాత విరామం 5 నుంచి 10 సెకన్ల మధ్య ఎక్కడో పడుతుంది, రెండో దానికి 10 నుంచి 20. అలా పెరుగుతూ గంట దగ్గర ఆగుతుంది. 12 ప్రయత్నాల మధ్య 11 విరామాలు ఉంటాయి. వాటిని కూడితే గరిష్ఠంగా 12,310 సెకన్లు, అంటే 3 గంటల 25 నిమిషాలు. కనిష్ఠంగా అందులో సగం. బ్యాంకు గంటన్నర మూతపడినా ఈ వర్కర్ తట్టుకుంటుంది, అదే సమయంలో 24 గంటల హద్దుకు చాలా దూరంలోనే ముగుస్తుంది. అదే ప్రయత్నాలను 8కి పరిమితం చేస్తే గరిష్ఠ వ్యవధి 1,270 సెకన్లు, అంటే 21 నిమిషాలే. బ్యాంకు అరగంట పడుకుంటే 6,000 రిఫండ్లూ మనుషులు చూడాల్సిన కుప్పలో పడతాయి. ప్రయత్నాల సంఖ్యను తోచినట్టు రాసేవారు ఈ కూడిక ఒక్కసారి చేసి చూసుకోవాలి. అన్ని పనులకూ ఒకే జవాబు ఉండదు. రూబీ భాషలో పేరున్న సైడ్‌కిక్ అనే వర్కర్ ఎవరూ మార్చకపోతే 25 సార్లు, సుమారు మూడు వారాల పాటు ప్రయత్నిస్తుంది. ఈమెయిల్ పంపడానికి అది నప్పవచ్చు, రిఫండ్‌కు నప్పదు.

మళ్లీ ప్రయత్నించే బాధ్యత ఒక్కచోటే ఉండాలన్నది ఇంకో మాట. బ్యాంకుతో మాట్లాడే లైబ్రరీ తనకు తానుగా మూడుసార్లు ప్రయత్నించేలా, దాన్ని పిలిచే కోడ్ మూడుసార్లు, క్యూ మూడుసార్లు ప్రయత్నించేలా ఉంటే, ఒక్క పనికి బ్యాంకు తలుపు 27 సార్లు తడతారు. మూడు చోట్లా రాసినవారికి ‘మూడుసార్లేగా’ అనే ఉంటుంది.

12 ప్రయత్నాలూ అయిపోయిన పని ఏమవుతుంది? పై ప్రశ్న ఇక దాన్ని ముట్టుకోదు. లీజు ముగిసి, లెక్క నిండిన వరుసలను నిమిషానికోసారి వెతికి, `needs_check` అనే స్థితిలోకి మార్చే చిన్న పని వేరుగా నడవాలి. లేకపోతే అవి `running` అని చెప్పుకుంటూ శాశ్వతంగా పడి ఉంటాయి. ఆ స్థితిలోకి వచ్చిన పనితో పాటు చివరి ఎర్రర్, ప్రతి ప్రయత్నం జరిగిన సమయం, తాళపు మాట ఉండాలి. ఉదయం వచ్చి చూసే మనిషికి ‘విఫలమైంది’ అన్న ఒక్క మాట ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు అన్నింటికన్నా మెలిక ఉన్న సంఘటన. 4821ని మొదట తీసుకున్న వర్కర్ నిజానికి చావలేదనుకుందాం. అది నడుస్తున్న వర్చువల్ మెషిన్ రెండు నిమిషాలు స్తంభించి, మళ్లీ కదిలింది. ఆ వర్కర్ దృష్టిలో కాలమే గడవలేదు. ఈలోగా లీజు ముగిసింది, రెండో వర్కర్ పనిని తీసుకుని, అదే తాళపు మాటతో అడిగి, ‘డబ్బు వెళ్లింది’ అన్న జవాబు అందుకుని `done` అని రాసేసింది. అప్పుడు మొదటిది మేల్కొని, తన కనెక్షన్ తెగిపోయిందని చూసి, ‘జవాబు రాలేదు, మళ్లీ క్యూలో వేయి’ అని అదే వరుస మీద రాయబోతుంది. రాయనిస్తే, పూర్తయిన పని తిరిగి బతికి కూర్చుంటుంది.

మొదటి వర్కర్‌కు తాను పాతబడిపోయానని తెలిసే వీలు లేదు. రాసే ముందు గడియారం చూసుకోమన్నా, చూసిన మరుక్షణమే మళ్లీ స్తంభించవచ్చు. కాబట్టి కాపలా రాసేవారి దగ్గర కాక, రాయించుకునే చోట ఉండాలి. 2016లో మార్టిన్ క్లెప్‌మన్ ఈ ప్రమాదాన్ని విడమరిచి రాశారు. లీజు ఇచ్చిన ప్రతిసారీ పెరిగే ఒక అంకె ఉండాలి, రాసే ప్రతిదీ ఆ అంకెను వెంట తేవాలి, పాత అంకెతో వచ్చిన రాతను నిల్వ చేసే వ్యవస్థే తిరస్కరించాలి. మన టేబుల్‌లో ఆ అంకె సిద్ధంగానే ఉంది, `attempts` పని తీసుకున్న ప్రతిసారీ పెరుగుతోంది కదా. రెండో వర్కర్ ఫలితం రాసేది ఇలా:

```sql
UPDATE refund_jobs
SET status = 'done', finished_at = now()
WHERE id = 4821
  AND status = 'running'
  AND attempts = 2;
```

మొదటి వర్కర్ ఇలాంటి ఆజ్ఞనే `attempts = 1` తో పంపుతుంది. ఆ షరతుకు సరిపోయే వరుస లేదు కనుక డేటాబేస్ ‘మారిన వరుసలు సున్నా’ అంటుంది. ఆ సున్నాను వర్కర్ తప్పకుండా చూడాలి, చూసి, పని తన చేతుల్లో లేదని గ్రహించి నిశ్శబ్దంగా వదిలేయాలి. ఎన్ని వరుసలు మారాయో చూడని కోడ్ మాత్రం ఆ తర్వాతి అడుగుకు వెళ్లి ప్రయాణికుడికి ‘మీ రిఫండ్ ఆలస్యమవుతోంది’ అని ఎస్సెమ్మెస్ పంపేస్తుంది, డబ్బు అప్పటికే ఖాతాలో ఉండగా.

స్టేటస్ బయటికి చెప్పడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. వర్కర్ నుంచి యాప్‌కు వెళ్లే కబుర్లు కూడా నెట్‌వర్క్ మీదే వెళ్తాయి. కొన్ని రెండుసార్లు చేరతాయి, కొన్ని ముందువెనకలవుతాయి. ‘పూర్తయింది’ ముందు చేరి, ‘నడుస్తోంది’ వెనక చేరితే, యాప్ తెర మీద పూర్తయిన రిఫండ్ మళ్లీ నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ప్రతి కబురుకూ పెరుగుతూ పోయే వరస సంఖ్య వేసి, తన దగ్గరున్న దానికన్నా చిన్న సంఖ్యతో వచ్చినదాన్ని యాప్ పారేయాలి. కబురు పంపే పనిని కూడా `done` రాసిన ట్రాన్సాక్షన్‌లోనే ఇంకో క్యూ పనిగా వేస్తే, డబ్బు వెళ్లి కబురు వెళ్లని పరిస్థితి రాదు.

ప్రయాణికుడికి చూపించే మాటల్లో ‘తెలియదు’ అన్న స్థితికీ చోటుండాలి. యూపీఐ వాడేవారికి ఇది కొత్త కాదు. డబ్బు కోత పడి, తెర మీద ‘పెండింగ్’ అని నిలిచిపోవడం అందరూ చూసిందే. ఆ పసుపు గుర్తు చిరాకు తెప్పిస్తుంది గానీ, తెలియనిదాన్ని ‘విఫలం’ అని చెప్పి మనిషి చేత ఇంకోసారి డబ్బు పంపించడం కన్నా అది చాలా నిజాయితీ గల జవాబు. ఆ స్థితి అలాగే ఉండిపోకుండా రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. యూపీఐలో పంపినవారి ఖాతాలో కోత పడి, అందుకోవాల్సినవారికి జమ కాకపోతే మరుసటి రోజుకల్లా డబ్బు తనంతట తాను వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. మన వర్కర్ కూడా అలాంటి గడువు పెట్టుకోవాలి: ఏ పని అయినా ‘తెలియదు’లో 4 గంటలు దాటితే మనిషి కళ్లబడి తీరాలి.

వర్కర్లు ఎక్కువసార్లు ఆగేది ప్రమాదాల వల్ల కాదు, కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా `SIGTERM` అనే సంకేతం ఇస్తుంది, కుబెర్‌నెటీస్‌లో అయితే మామూలుగా 30 సెకన్లు ఆగి, ఆ తర్వాత నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది. సంకేతం రాగానే కొత్త పని తీసుకోవడం ఆపి, చేతిలో ఉన్నదాన్ని ముగించి తప్పుకోవడం మర్యాద గల వర్కర్ లక్షణం. బ్యాంకు కోసం ఆగేది 20 సెకన్లే కాబట్టి 30 సెకన్లలో అది సాధ్యమే. ఇది లేకపోయినా లీజు, తాళపు మాట పనిని కాపాడతాయి. అయితే వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఇరవై పనులు నిమిషం పాటు ఊరికే వేలాడతాయి.

ఇదంతా సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? చాలామంది క్యూలో ఎన్ని పనులున్నాయో చూస్తారు. ఆ అంకె మోసం చేస్తుంది, తుపాను సాయంత్రం 6,000 ఉండటం సహజం. చూడాల్సింది క్యూలో అన్నింటికన్నా పాత పని ఎంతసేపటి నుంచి ఉందన్నది. మొత్తం మూడే పనులున్నా, అందులో ఒకటి ఐదు గంటలుగా ఉంటే అక్కడేదో ఇరుక్కుంది. రెండోది, ముగించకుండానే గడువు దాటిన లీజులు గంటకు ఎన్ని అన్నది. ఇది ఒక్కసారిగా పెరిగితే వర్కర్లు కూలుతున్నాయి, లేదా బ్యాంకు నెమ్మదించి లీజు చాలడం లేదు. మూడోది రోజుకోసారి చేసే పాత పద్ధతి లెక్క: బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని రిఫండ్లను టేబుల్‌లోని `done` వరుసలతో తాళపు మాటలవారీగా సరిచూడటం. మొత్తాలు కలిస్తే చాలదు, ఒకరికి రెండుసార్లు వెళ్లి ఇంకొకరికి వెళ్లకపోయినా మొత్తం కలుస్తుంది.

తుపాను వచ్చేదాకా ఆగకుండా దీన్ని పరీక్షించే దారి ఉంది. నిజం బ్యాంకు స్థానంలో, ప్రతి తాళపు మాటనూ, ప్రతి జమనూ తన చిట్టాలో రాసుకునే చిన్న నకిలీ బ్యాంకు ప్రోగ్రాం పెట్టాలి. అది పదింట ఒకసారి డబ్బు జమచేసి జవాబు మింగేయాలి, అప్పుడప్పుడు రెండు నిమిషాలు ఆలస్యం చేయాలి. ఇంకోపక్క ఒక స్క్రిప్టు కొన్ని సెకన్లకోసారి ఏదో ఒక వర్కర్‌ను ఎంచుకుని `kill -9` తో చంపి, ఇంకోదాన్ని లేపాలి. కొన్నింటిని చంపకుండా `kill -STOP` తో స్తంభింపజేసి, లీజు దాటాక `kill -CONT` తో మేల్కొలపాలి. 1,000 పనులు వేసి, అన్నీ `done` కో, `needs_check` కో చేరేదాకా ఇలాగే వేధించాలి. ఆ తర్వాత నకిలీ బ్యాంకు చిట్టా తెరిచి రెండు ప్రశ్నలు అడగాలి. ఒకే టికెట్‌కు రెండు జమలున్నాయా? ఉంటే తాళపు మాట ఎక్కడో మళ్లీ పుడుతోంది. టేబుల్‌లో `done` అని ఉండి చిట్టాలో జమ లేనివి ఉన్నాయా? ఉంటే బ్యాంకు జవాబు రాకముందే ఎవరో ఫలితం రాస్తున్నారు, ఆ లైను వెతికి పట్టుకోవాలి.